నాలుగు సెకన్లలో సత్యం ఎంత పడుతుంది?

కష్టాల గురించి గురువుగారు మాట్లాడిన చిన్న వీడియోకి జర్మన్ సబ్‌టైటిల్స్ రాసింది నేనే. అందులో ఒక్క వాక్యం దగ్గర నేను చేసిన తప్పు గురించి ఈ పోస్టు.

భర్త పోయిన ఒకావిడ అడిగిన ప్రశ్నకి గురువుగారు ఇలా అన్నారు: "నాకు అర్థమైనంతవరకు కష్టం దేవుడి శిక్ష కాదమ్మా, అలా అనుకోకు." ఈ మాటకి పట్టింది నాలుగు సెకన్లు.

సబ్‌టైటిల్‌కి మామూలుగా పాటించే కొలత ఒకటుంది. తెర మీద ఒకసారికి రెండు లైన్లే, లైనుకి 42 అక్షరాలు మించకూడదు. చదివే వేగం సెకనుకి 17 అక్షరాలు, ఖాళీలూ కామాలూ కూడా లెక్కే. అంటే నాలుగు సెకన్లకి 68. చదివే కన్నే మనిషి ముఖాన్ని కూడా చూడాలి కదా! ఉన్నదున్నట్టు జర్మన్‌లో పెడితే 90 దాటింది. కోయక తప్పదు. నేను ఇలా కోశాను:

```
Leid ist keine Strafe Gottes.
```

"కష్టం దేవుడి శిక్ష కాదు." 29 అక్షరాలు. హాయిగా చదవొచ్చు, వ్యాకరణం తప్పు లేదు. మురిసిపోయాను.

జర్మనీలో ఉన్న మా అక్క ఈ వీడియోని వాళ్ళ అత్తగారికి చూపించింది. ఆవిడ జర్మన్, మామగారు పోయి ఏడాదైంది. చూసి ఒక్కటే అడిగారట: "ఈయనకి అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. ఎందుకంటే గురువుగారు కచ్చితంగా తెలుసని అనలేదు. "నాకు అర్థమైనంతవరకు" అన్నారు. ఆ వినయాన్ని తీసేసింది నేను. ఆవిడ కళ్ళకి ఆయన తీర్పు చెప్పే మనిషిలా కనబడ్డారు.

ధర్మరాజు కథ మనందరికీ తెలుసు. అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాటని ద్రోణుడికి వినబడకుండా అన్నాడు. అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం కిందికి దిగిపోయింది. ఆయన పలికిన ఏ మాటా అబద్ధం కాదు, అవతలివాడికి చేరనిచ్చిందే అబద్ధమైంది. నా 29 అక్షరాలూ అలాంటివే. నాకు దురుద్దేశం లేదు నిజమే, కానీ అత్తగారికి చేరింది మాత్రం ఆయన అనని మాట.

మళ్ళీ కూర్చున్నాను. ఈసారి అన్నీ ఇరికిద్దామని చూశా:

```
Wie ich es verstehe, ist Leid
keine Strafe Gottes. Denk das nicht.
```

65 అక్షరాలు, కొలతలో పట్టింది. కానీ చదివితే తేడా కొట్టింది. చివరి మాటకి "అది అనుకోకు" అని అర్థం. ఏది అనుకోకూడదు? ముందున్న వాక్యం "శిక్ష కాదు" కాబట్టి, "శిక్ష కాదని అనుకోకు" అని కూడా తీసుకోవచ్చు. ఓదార్పు కాస్తా బెదిరింపు అయిపోతుంది! తెలుగులో ఆయన గొంతు ఆ అనుమానం రానివ్వదు, రాతలో గొంతు ఉండదు.

అప్పుడు వీడియోని సౌండ్‌తో ఒకసారి, సౌండ్ లేకుండా ఒకసారి చూశాను. "అలా అనుకోకు" అంటూ ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. "అమ్మా" అన్నప్పుడు గొంతు మెత్తబడింది. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆ రెండూ అత్తగారికి అందుతాయి. "నాకు అర్థమైనంతవరకు" అన్నది మాత్రం ముఖంలో లేదు, గొంతులో లేదు. రాస్తేనే ఉంటుంది. ఏది కోయాలో అక్కడ తేలింది:

```
12
00:01:06,000 --> 00:01:10,000
Wie ich es verstehe,
ist Leid keine Strafe Gottes.
```

"నాకు అర్థమైనంతవరకు" ఒక లైను, చెప్పిన విషయం ఇంకో లైను. మొత్తం 49 అక్షరాలు, సెకనుకి 12 చిల్లర. ఇంకో 19 మిగిలాయి. అయినా "అమ్మా" పెట్టలేదు. పరాయి ఆవిడని అమ్మా అని పిలిచే అలవాటు జర్మన్‌లో లేదు, రాస్తే ఆవిడ నిజంగా ఆయన తల్లేమో అనుకుంటారు. ఆ నష్టం నష్టమే, దాన్ని నేను పూడ్చలేకపోయాను.

కుదించడం పాపం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నా. అవతలివాళ్ళు చదవలేని సత్యం వాళ్ళకి చేరనట్టే. కానీ ఒకరి మాటని మనం మోస్తున్నప్పుడు, వాళ్ళు తమ మాటకి తామే గీసుకున్న హద్దుని చెరిపే హక్కు మనకి లేదు. ఇంట్లో కూడా చూడండి, "నాన్న బహుశా ఒప్పుకోరేమో" అని అమ్మ అంటే, తమ్ముడికి "నాన్న ఒప్పుకోరట" అని చేరవేస్తాం. పోయింది రెండు మాటలే, ఆ రాత్రి తమ్ముడు అన్నం తినడు.

పాత ఫైల్ తీసేసి కొత్తది పెట్టాను. అక్క దాన్ని అత్తగారికి మళ్ళీ చూపించింది. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదట. వీడియో అయిపోయాక కాసేపు అలాగే కూర్చున్నారట.