జూనియర్ అడ్వకేటు ఇంటర్వ్యూ: కథ, కాగితం, గుట్టు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో సినిమా ఒప్పందాలు చూసే న్యాయవాదుల దగ్గర జూనియర్ అసోసియేట్ ఇంటర్వ్యూ చాలావరకు ఒక్క ప్రశ్నతో మొదలవుతుంది: మీరు చదివిన కేసు ఒకటి చెప్పండి. నిర్మాతలూ రచయితలూ తిరిగే ఈ వీధుల్లో ఆ ప్రశ్నకు తగిన కేసు ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిలిమ్స్. 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది.

ఆనంద్ 1953లో ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాశారు. పంజాబీ కుటుంబం, మద్రాసీ కుటుంబం, వాళ్ల పిల్లల ప్రేమకు అడ్డుపడే ప్రాంతీయ దురభిమానం దాని వస్తువు. దర్శకుడు మోహన్ సెహగల్‌కు ఆ నాటకాన్ని ఆయన వినిపించారు. 1956లో సెహగల్ తీసిన ‘న్యూ ఢిల్లీ’ విడుదలైంది. అందులోనూ పంజాబీ అబ్బాయి, మద్రాసీ అమ్మాయి ఉన్నారు. తన నాటకానికి అది నకలంటూ దావా వేసిన ఆనంద్ కింది కోర్టులోనూ, హైకోర్టులోనూ, చివరికి సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు.

ఇక్కడ చాలామంది అభ్యర్థులు ‘ఆలోచనకు కాపీరైట్ లేదు’ అని ముగించేస్తారు. అది తీర్పు సారమే కానీ కేసు కాదు. కథ విన్న మనిషే సినిమా తీసినా, రచయిత ఎందుకు ఓడిపోయాడన్నదే చెప్పాల్సిన సంగతి. వినడం వేరు, నకలు తీయడం వేరు. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలేనన్న భావన తప్పకుండా కలగాలని కోర్టు అంది. ఇల్లు అద్దెకివ్వడంలో ప్రాంతీయ భేదం, వరకట్న దురాచారం సినిమాలో ఉన్నాయి, నాటకంలో లేవు. జస్టిస్ పాఠక్ మాత్రం విడిగా రాస్తూ సంశయం వ్యక్తం చేశారు, అయినా కింది కోర్టులు రెండూ ఒకే నిర్ధారణకు వచ్చాయి కనుక జోక్యం చేసుకోలేదు. ఆ సంశయాన్ని కూడా చెప్పగలిగిన అభ్యర్థి తీర్పును నిజంగా చదివాడని అర్థమవుతుంది. తన క్లయింటు రచయిత అయితే వాదన ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అతనికి తెలుసు.

తర్వాత కాగితం. కథ హక్కుల బదిలీకి ఒక షరతు రాయమంటారు. ‘సమస్త హక్కులూ శాశ్వతంగా నిర్మాతకే’ అన్న వాక్యం గంభీరంగా ఉంటుంది, కానీ పని చేయదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి అన్నది తెలియాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే. అమెరికాలో తెలుగు సినిమా విడుదల చేసుకునే నిర్మాతకు ఆ ఒక్క లోపం చాలు. వేరే మాట రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కులు రచయితకు తిరిగి వెళ్లిపోతాయి. 2012 సవరణ ఇంకో మెలిక పెట్టింది: ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు ప్రత్యేకంగా రాయకపోతే ఆ బదిలీ దానికి వర్తించదు. అందుకే మంచి జూనియర్ కలం పట్టే ముందు అడుగుతాడు: మన క్లయింటు ఎవరు, రచయితా, నిర్మాతా? అదే షరతు ఇద్దరికీ ఒకలా రాయకూడదు.

గుట్టు పరీక్ష చాలాసార్లు ప్రశ్న రూపంలో రాదు. ‘ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశారు?’ అని మామూలుగా అడుగుతారు. అభ్యర్థి హుషారుగా ‘ఒక పెద్ద హీరో సినిమా, సంక్రాంతికి వచ్చింది, రెమ్యునరేషన్ వివాదం’ అంటాడు. పేరు చెప్పలేదు కదా అనుకుంటాడు. ఫిల్మ్‌నగర్‌లో ఆ మూడు గుర్తులు చాలు, పేరు చెప్పినట్టే. నమూనాగా తెచ్చిన డ్రాఫ్ట్ విషయమూ అంతే: పేర్లు కొట్టేసినా పారితోషికం అంకె, షూటింగ్ తేదీలు మిగులుతాయి, వర్డ్ ఫైలులో ట్రాక్ చేంజెస్ తెరిస్తే పాత పేరు బయటపడుతుంది. కల్పిత పాత్రలతో కొత్తగా రాసి తేవడమే సరైన దారి.

భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్, అంటే పాత ఎవిడెన్స్ చట్టంలోని 126, క్లయింటు స్పష్టమైన అనుమతి లేకుండా వృత్తిలో విన్నది బయటపెట్టరాదంటుంది. కేసు ముగిసినా ఆ బాధ్యత ముగియదు. న్యాయవాది గుమాస్తాలకూ ఉద్యోగులకూ అది వర్తిస్తుంది కనుక జూనియర్ తప్పించుకోలేడు. అయితే దానికీ ఒక హద్దుంది. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటకు ఆ రక్షణ లేదు. కథ తనదేనని చూపించడానికి పాత తేదీ వేసి ఒప్పందం తయారుచేయమని క్లయింటు అడిగితే, అది గుట్టు కాదు, మోసానికి పిలుపు. ఏది విన్నా నోరు విప్పనని చెప్పే అభ్యర్థి అప్పటికి సగం జవాబే చెప్పినట్టు, ఆ కాగితం రాయడానికి ఒప్పుకోనని చెప్పడం మిగతా సగం.