తోటివారి వ్యాసం చదివేటప్పుడు

సాహిత్యం తప్పనిసరి పాఠం కావాలా అన్న అంశమిస్తే జనగామ విద్యార్థి పోతనతోనో పాల్కురికి సోమనతోనో మొదలుపెడతాడు. బమ్మెర, పాలకుర్తి ఆ జిల్లా ఊళ్లే కదా. మహబూబాబాద్ విద్యార్థి చిన్నగూడూరులో పుట్టిన దాశరథిని తలుచుకుంటాడు. ఆ వ్యాసాన్ని సరిచూడమని తోటి విద్యార్థికి ఇస్తే, అతను ముందుగా అక్షరదోషాలు వెతుకుతాడు. అవి చివర చూసుకోవచ్చు. అంతకంటే ముందు అడగవలసినవి నాలుగున్నాయి.

మొదటిది, ఈ వ్యాసం ఏం కోరుతోంది? దాన్ని ఒక్క వాక్యంలో రాసి, రాసినవారికి చూపించాలి. "నేనన్నది ఇదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాలి. పదో తరగతి దాకానా, డిగ్రీలో కూడానా? పరీక్ష ఉండాలా, చదివితే చాలా? చాలా వ్యాసాల్లో ఈ సంగతే తేలదు.

రెండోది, చూపిన కారణం ఆ కోరికదాకా చేరుతోందా? తెలంగాణలో 2018 చట్టం ఒకటి నుంచి పదో తరగతి వరకు బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. "చట్టమే ఉంది కాబట్టి సాహిత్యం తప్పనిసరి కావాలి" అని రాస్తే అది నిలవదు. ఆ చట్టం తెలుగు నేర్పాలంటుంది. డిగ్రీలో కావ్యం చదివించాలా అన్నదానికి అందులో జవాబు లేదు. పోతన మన జిల్లావాడన్నదీ అంతే. అది అభిమానానికి కారణం అవుతుంది, నిర్బంధానికి కాదు. అక్కడ మార్జిన్లో ఇలా రాయవచ్చు: "సాహిత్యం మేలు చేస్తుందని చూపావు. ఇష్టం లేనివాళ్లచేత కూడా ఎందుకు చదివించాలో ఇంకా చెప్పలేదు." "బాగుంది", "బాగాలేదు" అన్న మాటలకంటే రాసినవారికి ఇది పనికొస్తుంది.

మూడోది, అవతలి పక్షం తన పూర్తి బలంతో కనిపిస్తోందా? "పిల్లలు ఫోన్లలో పడ్డారు" అన్నది సులువుగా కొట్టిపారేయగల అభ్యంతరం. మహబూబాబాద్ తండాలో ఇంట్లో లంబాడీ మాట్లాడే అమ్మాయి, భూపాలపల్లి అడవి పల్లెలో కోయ మాట్లాడే అబ్బాయి "ఎవరి సాహిత్యం తప్పనిసరి?" అని అడిగితే మాత్రం వ్యాసం ఆగి జవాబు వెతుక్కోవాలి. ఆ జవాబు దొరికితే మొదటి వాక్యమే మారవచ్చు: సాహిత్యం తప్పనిసరి కావాలి, అందులో ఆ తండా పాటకూ చోటుండాలి.

చివరిది చదివేవాడు తనను తానే అడగవలసింది. ఇక్కడ నిజంగా తర్కం తప్పిందా, నాకు నచ్చని ముగింపు వచ్చిందా? ఇదే ఆధారంతో నాకిష్టమైన ముగింపుకు వస్తే ఒప్పుకునేవాడినా? ఒప్పుకునేవాడినైతే నా అభ్యంతరాన్ని కొట్టేయాలి.

ఇంట్లో పొలం పంపకం గురించైనా, పెళ్లి సంబంధం గురించైనా మాట పెరిగేది ఎదుటివారు అనని మాటకు జవాబు చెప్పడం వల్లే. వారి మాటను వారు ఒప్పుకునేలా చెప్పి, ఆ తర్వాత కాదనడం తరగతిలో రెండు పేజీల వ్యాసం మీద అలవాటైతే, మనుషుల మధ్య బతకడానికి అది నేరుగా పనికొస్తుంది.