అవసరానికి వచ్చే మిత్రుడు: చెప్పవలసిన మాట, అడగవలసిన మాట

'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య' అనే సామెత తెలుగువారికి కొత్తది కాదు. గట్టు చేరిన తరువాత జనం మల్లయ్యను ఎలా చూశారో ఈ సామెత చెబుతుంది. మల్లయ్య వారితో ఏమన్నాడో చెప్పదు. బహుశా ఏమీ అనలేదు. పని పడినప్పుడు మాత్రమే పలకరించే మిత్రుడితో 'నాకు నీ స్నేహం కావాలి' అని చెప్పడం సాధ్యమేనా, చెబితే ఆ మాట ఫిర్యాదు అవుతుందా, అభ్యర్థన అవుతుందా, అసలు అలా కోరే హక్కు ఒకరికి ఉంటుందా అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్నలు.

పరిశీలనకు ఒక సందర్భాన్ని ఆధారంగా తీసుకొంటున్నాను. అందులో ఒక పక్షం నేనే కాబట్టి నా తూకంలో కొంత మొగ్గు ఉండవచ్చు. డిగ్రీ చదివే రోజుల్లో మూడేళ్లు హాస్టల్‌లో ఒకే గదిలో ఉన్న మిత్రుడు ఇప్పుడు కడియం ప్రాంతంలో ఒక చిన్న నర్సరీ నడుపుతున్నాడు. నేను నగరంలో అధ్యాపకుణ్ణి. రెండేళ్ల కాలంలో అతను నాకు ఏడుసార్లు ఫోన్ చేశాడు. కూతురి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం రెండుసార్లు, మామగారి కంటి ఆపరేషన్‌కు డాక్టరు ఎవరని ఒకసారి, వానలకు మొక్కలు కుళ్లిపోయినప్పుడు నలభై వేల చేబదులు కోసం ఒకసారి, మిగిలినవీ అటువంటివే. చేబదులు నాలుగు నెలల్లో పూర్తిగా తీర్చాడు. అతని నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. నన్ను బాధించింది ఆ సంభాషణల తీరు. 'ఏరా, బాగున్నావా' అనే పలకరింపు, వెంటనే 'చిన్న పని పడిందిరా', ఆ పని వివరం, 'ఉంటాను మరి'. నా జవాబు వినడానికి ఆ పలకరింపులో చోటు లేదు.

ఇక్కడ తప్పు ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. అవసరానికి రావడమే తప్పని అనలేం. ఆపదలో గుర్తుకు రాని మిత్రుణ్ణి మిత్రుడని ఎవరూ అనరు. అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ ఎనిమిదవ పుస్తకంలో మైత్రిని మూడు విధాలుగా విభజించాడు. ప్రయోజనం కోసం ఏర్పడేది ఒకటి, సంతోషం కోసం ఏర్పడేది మరొకటి, ఎదుటివాని శీలాన్ని చూసి అతని మేలునే కోరేది మూడవది. మొదటి రెండూ సులభంగా చెదిరిపోతాయని అతడు అంటాడు గాని వాటిని నీచమైనవిగా కొట్టివేయడు. ఫిర్యాదులు ప్రధానంగా ప్రయోజన మైత్రిలోనే పుడతాయని గమనిస్తాడు. తొమ్మిదవ పుస్తకంలో మరింత సూక్ష్మమైన మాట చెబుతాడు: తాము ఏ రకపు మిత్రులమని అనుకొంటున్నారో ఆ రకపు మిత్రులు కానప్పుడు తగవులు ఎక్కువగా వస్తాయట. అంటే నా బాధకు మూలం అతను నన్ను వాడుకోవడం కాకపోవచ్చు. మేమిద్దరం వేర్వేరు మైత్రుల్లో ఉండి, ఒకే మైత్రిలో ఉన్నామని నేను భావించడం కావచ్చు.

ఎనిమిదవ పుస్తకంలోనే ఇంకొక నియమం ఉంది. పరస్పరం మేలు కోరుకోవడం ఒక్కటే చాలదు, ఆ కోరిక ఇద్దరికీ తెలిసి ఉండాలి. నా వాదానికి ఇది కీలకం. మనసులో ఎంత ఆత్మీయత ఉన్నా అది ఎదుటివానికి తెలియకపోతే, ఈ నిర్వచనం ప్రకారం అది సద్భావమే తప్ప స్నేహం కాదు. కాబట్టి 'నీ స్నేహం కావాలి' అని చెప్పడం సిద్ధమైన స్నేహానికి చేసే అలంకారం కాదు. స్నేహానికి కావలసిన ఒక అంశాన్ని ఆ మాటే సమకూరుస్తుంది. నిజమైన మిత్రునికి చెప్పకుండానే తెలియాలనే లోకాభిప్రాయం అందుచేత నాకు సమ్మతం కాదు. మాకు అది తెలియలేదు, నాకూ తెలియలేదు.

చెప్పే తీరు విషయంలో మన ఇతిహాస పురాణాలలోని రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది. ఆదిపర్వంలో ద్రోణుడు ద్రుపదుని వద్దకు వెళతాడు. భాగవత దశమస్కంధంలో కుచేలుడు కృష్ణుని వద్దకు వెళతాడు. రెండింటిలోనూ వెళ్లినవాడు ఒకప్పటి సహాధ్యాయి. రెండింటిలోనూ దారిద్ర్యమే పంపించింది. ఒకచోట కొడుకుకు పాలు లేవు, మరొకచోట భార్య ప్రోద్బలం చేసింది. కుచేలుణ్ణి నిష్కామ స్నేహానికి ఉదాహరణగా చూపేవారు ఒక విషయాన్ని దాటవేస్తారు. చాలాకాలం తరువాత అతను బయలుదేరింది అవసరం పడినందుకే. నా మిత్రుని ఫోన్‌కూ ఆ ప్రయాణానికీ ఆరంభంలో పెద్ద తేడా లేదు.

తేడా అంతా ఆతిథేయుని వద్ద ఉంది. స్నేహం సమానుల మధ్యనే గాని రాజుకూ పేదకూ మధ్య ఉండదని ద్రుపదుడు చెబుతాడు. గమనిస్తే అది కూడా ఒక విధంగా నిజం చెప్పడమే, ఉన్న అసమానతను పైకి అనడమే. ఆ మాట తరువాత ద్రోణుడు అడగడానికి మళ్లీ రాలేదు. శిష్యులను పంపి ద్రుపదుణ్ణి పట్టి తెప్పించి, సగం రాజ్యం తీసుకొని, ఇప్పుడు సమానులమయ్యామన్నాడు. లెక్క సరిపోయింది, వైరం మిగిలింది. కృష్ణుడు చేసిన పని వేరు. ముందు గురుకులంలో కట్టెలకు వెళ్లి వానలో చిక్కుకొన్న నాటి సంగతులు తీశాడు. తరువాత నాకేం తెచ్చావని అడిగాడు. కొంగున దాచుకొన్న అటుకులను తానే తీసుకొన్నాడు. ఇవ్వవలసినవాడు అడిగినవాడయ్యాడు, అడగడానికి వచ్చినవాడు ఇచ్చినవాడయ్యాడు. సంపద కుచేలుని ఇంటికి చేరడం కన్నా ముందు జరిగిన ఈ మార్పే ఆ కథలో నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇది తెలిసి ఉండీ నేను మొదట చేసింది ద్రుపదుని పనే. ఏడవసారి ఫోన్ వచ్చినప్పుడు, పని సంగతి అయిపోగానే, నవ్వుతున్నట్టుగా 'పని లేకపోతే నీకు నేను గుర్తుకు రానురా' అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. 'తప్పేరా, ఏమనుకోకు' అన్నాడు. తరువాత పదకొండు నెలలు ఫోన్ లేదు. ఆ వ్యవధిలో అతని తల్లిని నేనుండే నగరానికే తెచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారని, మా ఇంటికి రెండు మైళ్లు కూడా లేని చోట అతను వరండాలో పడుకొన్నాడని మరొక సహాధ్యాయి ద్వారా తరువాత తెలిసింది. స్నేహం కోరి నేను అన్న మాట అతనికున్న ఒక్క తలుపునూ మూసివేసింది.

ఆ మాట ఎందుకు చెడిందో ఇప్పుడు చెప్పగలను. సాయం అడిగిన గడియలోనే అనడం వల్ల అది సాయానికి ధర చెప్పినట్లయింది. పరిహాసపు ముసుగు వేయడం వల్ల అతనికి జవాబు చెప్పే వీలు లేకుండా పోయింది. అన్నిటికన్నా, నా వాక్యంలో అతని తప్పు ఉంది గాని నా కోరిక లేదు. 'నువ్వు గుర్తుచేసుకోవు' అన్నాను గాని, 'నీతో మాట్లాడాలని ఉంటుంది' అనలేదు. మొదటిది అభియోగం, దానికి సంజాయిషీ ఇవ్వాలి. రెండవది సమాచారం, దానికి అవుననో కాదనో అనవచ్చు. స్నేహాన్ని హక్కుగా అడగలేం. కాని నా కోరికను తెలియజేసే హక్కు నాకు ఉంది, దాన్ని కాదనే హక్కు అతనికి ఉంది.

ఇంకొక లెక్క కూడా బయటపడింది. రెండేళ్లలో అతను ఏడుసార్లు ఫోన్ చేస్తే, నేను చేసినవి సున్నా. పని ఉన్నా చేయలేదు, లేకున్నా చేయలేదు. కాంట్ 1797లో ప్రచురించిన మెటఫిజిక్స్ ఆఫ్ మోరల్స్‌లో, ఉపకారం పొందినవాడు ప్రేమలో సమానత్వాన్ని ఆశించవచ్చు గాని గౌరవంలో ఆశించలేడనే భావం వ్యక్తం చేస్తాడు. ఎప్పుడూ ఏమీ అడగని మిత్రుడు తనకు తెలియకుండానే పైమెట్టు మీద నిలబడతాడు. నా అడగకపోవడాన్ని నేను ఔదార్యమనుకొన్నాను. అందులో అహం పాలు తక్కువ కాదు.

తరువాత ఒక ఆదివారం కడియం వెళ్లాను. ఆసుపత్రి సంగతి ముందు నేనే ఎత్తి, నా మాట తప్పని చెప్పాను. 'పని లేకుండా కూడా నీతో మాట్లాడాలని ఉందిరా, అది చెప్పడం చేతకాక అలా అన్నాను' అన్నాను. అతను అంటు కట్టిన మొక్కల వరుసలో కూర్చొని చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి 'ఊరికే ఫోన్ చేసి నీకేం చెప్పాలిరా? నీ టైం పాడుచేసినట్టుంటుంది. పని ఉంటే చేయడానికి ఒక కారణం ఉంటుంది' అన్నాడు.

నా వ్యాఖ్యానమంతా ఈ జవాబు దగ్గర తలకిందులయింది. అవసరం కోసం నన్ను వాడుకొన్నాడని నేననుకొన్నాను. నాతో మాట్లాడడానికి అతను అవసరాన్ని వాడుకొన్నాడు. అంతస్తులో తేడా వచ్చిన చోట పని అనేది లోపలికి రావడానికి అనుమతి పత్రం వంటిది. అయితే ప్రతి సందర్భమూ ఇలాంటిదే అనడం అమాయకత్వమవుతుంది. మనమే ఫోన్ చేసినప్పుడు తొందరగా పెట్టేసేవారు, ఒకసారి సాయం కాదంటే మాయమయ్యేవారు, మన కష్టం చెబితే తమ పని వైపు మాట మళ్లించేవారు ఉంటారు. అటువంటివారితో ఉన్నది ప్రయోజన మైత్రి అని గుర్తించి, చేయగలిగినంత చేసి, అంతకు మించి ఆశించకపోవడంలో అన్యాయం లేదు. అయితే ఈ తేడా తెలియాలంటే ముందుగా మనవైపు నుంచి ఒక ఫోన్ వెళ్లాలి. నేను ఆ పరీక్ష చేయకుండానే తీర్పు రాసుకొన్నాను.

తిరిగి వచ్చాక, డిసెంబరులో, నేనే ఫోన్ చేశాను. మా మేడ మీది కుండీలో మల్లె ఏపుగా ఆకు వేస్తోంది గాని పూయడం లేదని చెప్పి, ఏం చేయాలో అడిగాను. ఎండ ఎంతసేపు పడుతుందని, కొమ్మలు ఎప్పుడు కత్తిరించానని అడిగాడు. కొన్నాళ్లు నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు పొట్టిగా కత్తిరించి, కుండీని పూర్తి ఎండలోకి జరపమన్నాడు. ఆ మాటల్లో వాళ్లమ్మగారి ఆరోగ్యం వచ్చింది, మా హాస్టల్ వెనుక ఉన్న మల్లె పందిరి వచ్చింది. అరగంట గడిచింది. నెల తరువాత అతనే ఫోన్ చేసి చిగుళ్లు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయన్నాను. పెట్టేసే ముందు చిన్న పని ఒకటి కూడా చెప్పాడు.