మేలమాటకు మేర: స్నేహంలో హద్దు దాటిన పరిహాసానికి ప్రతివచనం

పరిహాసానికి తెలుగులో ఉన్న పేర్లు అనేకం. మేలం, వేళాకోళం, ఎకసక్కెం, ఎగతాళి, ఎత్తిపొడుపు, హేళన అనే మాటలు ఒకే వరుసలో నిలిచినా ఒకే అర్థాన్ని ఇవ్వవు. మేలమాడేవాడు ఎదుటివానితో కలిసి నవ్వుతాడు. హేళన చేసేవాడు ఎదుటివానిని చూచి నవ్వుతాడు. అయితే ఆడిన మాట ఈ రెండింటిలో ఏదో మాటను బట్టి మాత్రమే తేలదు. అదే వాక్యం ఒకచోట మేలం, మరొకచోట హేళన కావచ్చు. మేలం హేళనగా మారిన క్షణంలో స్నేహితుడు ఏమి చేయాలన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఊరుకొంటే తన గౌరవానికి లోటు. తిరగబడితే స్నేహానికి చేటు. ఈ రెంటి నడుమ న్యాయమైన మార్గం ఉన్నదా?

మానవశాస్త్రజ్ఞుడు ఎ.ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ప్రచురించిన ఒక వ్యాసంలో, కొన్ని సమాజాలలో కొన్ని వరుసలవారికి పరస్పరం ఎగతాళి చేసుకొనే అనుమతి ఉంటుందనీ, అక్కడ నొచ్చుకోకుండా ఉండడం కూడా ఆచారంలో భాగమేననీ వివరించాడు. ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. బావ, బావమరిది, వదిన, మరదలు అనే వరుసలలో సరసానికి చోటున్నది. పెండ్లిలో వియ్యపురాలిని ఎకసక్కెమాడే పాటలున్నాయి. అన్నగారి విషయంలో తప్పయ్యే మాట బావగారి విషయంలో తప్పు కాదు. అంటే హద్దును వరుసే నిర్ణయిస్తుంది. స్నేహానికి అటువంటి వరుస లేదు. స్నేహితులు తమ హద్దును తామే, మాట మాటకూ, గీసుకోవలసి ఉంటుంది. కనుక "ఇది హద్దు" అని చెప్పడం స్నేహానికి విరుద్ధం కాదు. చెప్పకపోతే హద్దు ఎక్కడున్నదో రెండవవానికి తెలిసే అవకాశమే లేదు.

ఈ విషయాన్ని ఆలోచించడానికి భాగవత దశమస్కంధంలో ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు ఘట్టాలు ఉపకరిస్తాయి. పోతన ఆంధ్రీకరణలోనూ ఇవి ఉన్నాయి. మొదటిదానిలో కృష్ణుడు రుక్మిణిని మేలమాడతాడు. రాజులకు వెరచి సముద్రంలో తలదాచుకొన్నవాడిని, నిరుపేదను, నీకు సాటిరాని నన్నెందుకు వరించావు, తగిన రాజును చూచుకో అంటాడు. ఆమె చేతిలోని వింజామర జారిపోతుంది. గాలికి కూలిన అరటిచెట్టువలె నేలకొరుగుతుంది. అప్పుడు కృష్ణుడు చేసే పనుల క్రమం గమనింపదగినది. "ఊరికే అన్నాను" అని పాన్పు మీద కూర్చొని అనడు. ముందు పాన్పు దిగుతాడు, ఆమెను లేవనెత్తుతాడు, కురులు సవరిస్తాడు, కన్నీరు తుడుస్తాడు. ఆ తరువాతనే అది పరిహాసమని చెబుతాడు. విడిచిపెడతాడన్న భయం తొలగిన తరువాత రుక్మిణి మాట్లాడుతుంది. ఆయన అన్న మాటలను ఒక్కొక్కటిగా తీసుకొని కొన్నింటిని అంగీకరిస్తూనే అర్థం మారుస్తుంది. రాజులకు వెరచి పారిపోయాననడం మాత్రం అసంబద్ధమని సంస్కృత మూలంలో స్పష్టంగానే అంటుంది. ఆమె శాంతం మౌనం కాదు.

రెండవ ఘట్టం అనిరుద్ధుని వివాహవేళ జరిగే జూదం. బలరాముడు వరుసగా ఓడుతుంటే కళింగరాజు పళ్ళు బయటపెట్టి నవ్వుతాడు. ఆ తరువాత బలరాముడు గెలిచినా గెలుపు తనదేనని రుక్మి బొంకుతాడు. ఆవులు కాచుకొనేవారికి పాచికలేమి తెలుసునని ఎగతాళి చేస్తాడు. బలరాముడు పరిఘతో అతనిని చంపి, పారిపోతున్న కళింగరాజును పట్టుకొని పళ్ళు రాలగొడతాడు. బావమరిది చనిపోతే కృష్ణుడు మంచిదనీ అనలేడు, చెడ్డదనీ అనలేడు; ఏది అన్నా భార్యతోనో అన్నతోనో బంధం చెడుతుంది. మొదటి నవ్వు దగ్గర ఎవరూ ఏమీ అనకపోవడం వల్ల చివరికి ఎవరూ ఏమీ అనలేని స్థితి ఏర్పడింది. ఆ నవ్వు సభలో పుట్టిందన్నది మరొక భేదం. రుక్మిణి విన్నది అంతఃపురంలో. బలరాముడు విన్నది పదిమంది రాజుల నడుమ.

నా అనుభవంలోని ఒక చిన్న సంఘటనకు ఈ భేదం వర్తిస్తుంది. మాది ఉత్తరాంధ్ర. వసతిగృహంలో నాతో ఉండే మిత్రుడు నా "నాను", "గుంటడు" వంటి మాటలను అనుకరించేవాడు. నేను అతని కోస్తా సాగతీతను అనుకరించేవాణ్ణి. గదిలో అది మేలమే. ఒక సదస్సులో పత్రం చదువుతూ తొందరలో నేను "నాను" అన్నాను. తేనీటి విరామంలో, ఆచార్యులూ జూనియర్లూ వింటుండగా, మిత్రుడు నా గొంతుతో ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. అందరూ నవ్వారు. మాట పాతదే, సభ కొత్తది. గదిలో నా యాసను ఎగతాళి చేసినప్పుడు నేను తిరిగి అతని యాసను ఎగతాళి చేయగలను. సభలో ఆ సమానత్వం లేదు. అక్కడ నా యాస నా పత్రం విలువను తగ్గించే సాక్ష్యంగా మారింది.

అక్కడ నేను అన్నది ఒక్క వాక్యం: "అది గదిలో మాటరా, ఇక్కడ వద్దు." స్వరం పెంచలేదు, అతని యాసను ఎత్తలేదు. ఎత్తి ఉంటే సభకు రెండవ వినోదం దొరికేది. హద్దు మాత్రం తెలిసేది కాదు. మిగిలినది ఆ సాయంత్రం ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. "నన్ను కించపరచాలని అన్నావనుకోవడం లేదు" అని మొదట అన్నాను. తరువాత ఏ మాట, ఎవరి ముందు, ఏమి చేసిందో చెప్పాను. "ఊరికే అన్నానురా, ఇంత పట్టించుకొంటావనుకోలేదు" అన్నాడు. ఈ జవాబు ఉద్దేశాన్ని గురించినది. నా ఫిర్యాదు ఫలితాన్ని గురించినది. కనుక ఉద్దేశం మీద వాదించకుండా, "అందుకే చెబుతున్నాను. గదిలో ఎంతైనా అను, సభలో మాత్రం వద్దు" అన్నాను. నిషేధంతోపాటు అనుమతి కూడా చెప్పడం అవసరమని నాకు ఆ తరువాత తెలిసింది. వారం రోజులపాటు అతడు గదిలోనూ ఏ ఎగతాళీ చేయలేదు, అతి మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాద స్నేహం బిగుసుకొన్నదనడానికి గుర్తు. చివరికి అతని సాగతీతను నేనే ముందు అనుకరించాను. అతడు "నాను" అంటూ బదులిచ్చాడు. గీసిన గీత లోపల ఆట మళ్ళీ మొదలైంది.

ఈ మార్గానికి పరిమితులున్నాయి. హద్దు చెప్పిన తరువాతా అదే చోట, అదే మాట తిరిగి వస్తే అది తెలియక చేసినది కాదు. అప్పుడు సహనం స్నేహధర్మం కాదు. పర్యవేక్షకుడు పరిశోధకుణ్ణి ఎగతాళి చేసినప్పుడు తిరిగి అనే స్వేచ్ఛ ఒకరికే ఉంటుంది కనుక అక్కడ మేలమనే మాటే చెల్లదు. కులాన్ని పట్టి చేసే హేళనను "స్నేహం చెడకుండా" స్వీకరించమని బాధితుణ్ణి కోరడం అన్యాయం. శాంతంగా బదులివ్వడం సమానుల నడుమ, మొదటిసారి జరిగిన అతిక్రమణకు తగిన ప్రతివచనం. నొచ్చుకొన్నవాడు ముందుగా అభయమిచ్చి మాట్లాడాలన్నది అక్కడ కూడా కొంత విపరీతంగానే తోస్తుంది. భాగవతంలో ఆ పని నొప్పించినవాడే చేశాడు. పాన్పు దిగవలసినవాడు దిగనప్పుడు, స్నేహాన్ని విలువైనదిగా ఎంచినవాడు ఒక్కసారి తానే మొదటి మాట అంటాడు. రెండవసారి ఆ బాధ్యత ఎదుటివానిది.