కలలో జరిగిన ద్రోహం

తెల్లవారుజామున ఓ ఇల్లాలు ఉలిక్కిపడి లేస్తుంది. కలలో భర్త మరొకరి చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. పక్కకు చూస్తే ఆయన గాఢనిద్రలో ఉన్నాడు. కలేనని తెలుసు. అయినా గుండెదడ తగ్గదు. పొద్దున కాఫీ గ్లాసు ఆయన ముందు కాస్త గట్టిగానే పెడుతుంది. ఆయనకేమో కారణం అర్థం కాదు.

కల అబద్ధం. బాధ మాత్రం నిజం.

కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశలో, మెదడులో భయాన్నీ ఆందోళననూ రేపే భాగం చురుగ్గా ఉంటుంది. తర్కించి నిజానిజాలు తేల్చే ముందుభాగం మందగిస్తుంది. అందుకే ఆ క్షణంలో అనుమానానికి అడ్డు చెప్పేవాళ్లు లోపల ఎవరూ ఉండరు.

ఆ చేదు పగటికీ పాకుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త డిలన్ సెల్టర్‌మన్ బృందం, ప్రేమబంధంలో ఉన్న విద్యార్థులతో రెండు వారాలు కలల డైరీ రాయించింది. ద్రోహం కల వచ్చిన తర్వాతి రోజుల్లో వాళ్లకు జోడీపై ప్రేమా, దగ్గరితనమూ తగ్గాయి. ఆ కల అవతలి మనిషికి రాలేదు, పాపం!

మరి కలనూ నిజాన్నీ ఎలా విడదీయాలి? మెలకువలో కళ్లతో చూసింది, చెవులతో విన్నది ఏమైనా ఉందా? ఉంటే దాని గురించి సూటిగా అడగాలి. అందుకు కలను సాక్ష్యంగా తేకూడదు. ఏమీ లేకపోతే, అది లోపలి భయం. పాత గాయం కావచ్చు, ఈమధ్య మాటలు తగ్గడం కావచ్చు.

అప్పుడు “ఎవరామె?” అని నిలదీయకండి. “పీడకల వచ్చింది, మనసు బాగోలేదు, కాసేపు నా దగ్గర కూర్చోండి” అని అడగండి.