కంది చేను ప్రాజెక్టుకు నువ్వు రాయాల్సిన నాలుగు మాటలు

బిడ్డా,

మీ బడిలో ప్రాజెక్టుల ప్రదర్శన అయ్యాక ప్రతి పిల్లవాడూ ఇంకొకరి ప్రాజెక్టు మీద తన అభిప్రాయం రాసివ్వాలన్నారట. నీకు కంది చేనులో లింగాకర్షక బుట్టలు పెట్టిన పిల్ల ప్రాజెక్టు వచ్చింది. "చాలా బాగుంది" అని రాసి, కింద అయిదు సలహాలు పెట్టి నాకు చూపించావు. చార్టుకు రంగులు వేయాలి, లైట్లు పెట్టాలి, సెన్సార్ పెట్టాలి, పేరు ఇంగ్లీషులో రాయాలి, బోర్డు పెద్దగా ఉండాలి. అవన్నీ ఇప్పటికి పక్కన పెట్టు. ఆ పిల్ల చేసిన పని నేను దగ్గర నిలబడి చూశాను. మనదీ కంది చేనే కాబట్టి అందులో ఏముందో చెప్తాను విను.

ధారూర్ చుట్టుపక్కల వానాకాలంలో వేసిన కంది దసరా, దీపావళి మధ్య పూతకొస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీ సార్లు చెప్పే ఉంటారు. ఆ పేరు నిలవాలంటే పూత నుంచి కాయ గట్టిపడేదాకా శనగపచ్చ పురుగుతో పోరాడక తప్పదు. తల కాయలోకి పెట్టి, సగం ఒళ్లు బయట ఉంచి గింజ తినేసి, గుండ్రటి రంధ్రం మిగిల్చిపోయే పురుగు అది. అది కనపడేసరికి నష్టం మొదలైపోయి ఉంటుంది. అందుకే గుడ్లు పెట్టే రెక్కల పురుగు ఎప్పుడొస్తుందో ముందే పసిగట్టడానికి బుట్టలు కడతారు. బుట్టలో చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్నే ఎర అంటాం. ఆడ పురుగు వదిలే వాసన దాన్నుంచి వస్తుంది. ఆ వాసనకు మగవి వచ్చి కింద సంచిలో పడతాయి. నిఘా కోసం ఎకరానికి 4 బుట్టలు పెడితే చాలు.

ఆ పిల్ల ఎకరం చేనులో 4 బుట్టలు కట్టి, రోజూ పొద్దున బడికి రాకముందే పురుగులు లెక్కపెట్టింది. నన్ను ఆకట్టుకున్నది చార్టు కాదు, చార్టు కింద పెట్టిన నోటుబుక్కు. నాలుగు బుట్టలకూ నెంబర్లు వేసి, ఒక్కోదాని లెక్క విడివిడిగా రాసింది. ఒక్కటీ పడని రోజు ఖాళీ వదలకుండా సున్నా వేసింది. వాన పడిన రోజు పక్కన 'వాన' అని రాసింది. చెట్టు పక్కనున్న మూడో బుట్టలో ఎప్పుడూ మిగతా వాటికన్నా ఎక్కువ పడుతున్నట్టు ఆ నోటుబుక్కులోనే తెలుస్తుంది. నాలుగింటినీ కలిపి ఒకే అంకె వేసి ఉంటే ఆ సంగతి ఆమెకూ తెలిసేది కాదు, మనకూ తెలిసేది కాదు. 1993 నుంచి నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌లో కూడా పిల్లలు రోజువారీ నోటుబుక్కు చూపించాలి. చార్టు ఎవరైనా ఒక్క రాత్రిలో గీయగలరు. సున్నాలతో సహా రాసిన నోటుబుక్కు మాత్రం చేనుకు పోకుండా తయారవదు. నువ్వు మెచ్చుకోవాల్సింది ఇదే. ఫలానా పేజీలో ఫలానా సంగతి నాకు నచ్చిందని రాయి. నువ్వు నిజంగా చదివావని ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

ఇక సలహా. చార్టు మీద గీత చూశావా? మొదటి వారం ఒక్కో బుట్టలో రాత్రికి సగటున 4 పురుగులు, రెండో వారం 9, మూడో వారం 14. తర్వాత 8, ఆఖరి వారం 3. కింద "అయిదో వారానికి పురుగు ఉధృతి తగ్గింది" అని రాసింది. అది నిజమే కావచ్చు. కానీ నేను అడిగితే, ఎర మాత్రం మొదటి రోజు పెట్టిందే ఇప్పటికీ ఉందని చెప్పింది. బిళ్లలో వాసన ఎల్లకాలం ఉండదు, ఎండకూ గాలికీ రోజురోజుకూ తగ్గుతుంది. మామూలుగా మూడు నాలుగు వారాలకు మార్చమంటారు. ఆమె గీత పడిపోవడం మొదలైంది సరిగ్గా ఆ సమయంలోనే. చేనులో పురుగే తగ్గిందా, లేక పురుగు ఉండి కూడా బుట్టకు రావడం మానేసిందా? ఉన్న లెక్కల్లో ఇది తేలదు. పురుగు లేదనుకుని రైతు చేను చూడకుండా ఉంటే, ఆ వారంలోనే కాయలు పోతాయి. అందుకే అయిదు సలహాల బదులు ఈ ఒక్కటే చెప్పమంటున్నాను. మిగతావి ఆమె బోర్డును మారుస్తాయి, ఇది మాత్రం ఆమె చెప్పిన జవాబునే తప్పో ఒప్పో తేలుస్తుంది.

తేల్చడానికి కొత్త బుట్టలు అక్కర్లేదు. నాలుగింటిలో మూలకు మూలగా ఉన్న రెండింటికి కొత్త ఎర పెట్టి, మిగతా రెండింటిని పాత ఎరతోనే వదిలి, నాలుగైదు రాత్రులు లెక్కపెట్టాలి. కొత్త ఎర బుట్టల్లో పురుగులు పెరిగి, పాతవాటిలో అలాగే ఉంటే, తగ్గింది పురుగు కాదు, వాసన. నాలుగింటిలోనూ తక్కువే పడితే ఆమె రాసింది నిజం. మూడో బుట్టలో మొదటి నుంచీ ఎక్కువ పడుతోంది కాబట్టి, ఏ బుట్ట లెక్కనైనా దాని పాత లెక్కతోనే పోల్చాలి. ఇలా పోల్చగలిగేది ఆమె బుట్టలను విడివిడిగా రాసింది కాబట్టే. నీ మెప్పూ నీ సలహా ఒకేచోట కలిసేది ఇక్కడే, ఈ సంగతి ఆమెకు చెప్పు.

కాగితం మీద ఇలా రాయొచ్చు: "నువ్వు 4 బుట్టల లెక్క విడిగా రాశావు, సున్నా పడిన రోజులు కూడా వదల్లేదు. మూడో బుట్ట సంగతి నాకు అక్కడే తెలిసింది. ఒక్కటి అడగాలి. నాలుగో వారం నుంచి తగ్గింది పురుగా, ఎర వాసనా? రెండు బుట్టలకు కొత్త ఎర పెట్టి నాలుగైదు రోజులు చూస్తే తేలుతుంది అనుకుంటున్నాను. నీ దగ్గర విడి లెక్కలు ఉన్నాయి కాబట్టి పోల్చడం కష్టం కాదు." ఇదే మాటల్లో రాయనక్కర్లేదు, నీ మాటల్లో రాయి. అడిగినట్టుగా మాత్రం రాయి. ఎర పాతదైందని నేనూ నువ్వూ అనుకుంటున్నాం గానీ, ఇంకా చూసింది లేదు. జవాబు ఆమె చేనులో ఉంది.

కాగితం రేపే ఇచ్చేయ్ బిడ్డా. కాయ గట్టిపడ్డాక పురుగు వేరే పంటకు పోతుంది, అప్పుడు కొత్త ఎర పెట్టినా ఏమీ తెలియదు. ఎర తెచ్చుకున్నాక చేతులు శుభ్రంగా కడుక్కుని పట్టుకోమను. పాతది తీసిన చేతితోనే కొత్తది పెడితే వాసన కలిసిపోతుంది. తీసేసిన పాత బిళ్లలను చేనులో పారేయకుండా బయటికి తెచ్చేయాలి, లేకపోతే పురుగులు వాటి వైపు కూడా పోతాయి. ఎప్పుడు మార్చిందో ఆ తేదీని చార్టు మీద గీత పక్కన రాయమను.

మీ తాత