అమ్మ షాపు, ఎవరి ఫోన్‌లో ఉండాలి?

ఒక చిన్న ధర్మసందేహం. దూరాన ఉన్న కొడుకు అమ్మ పనంతా తన చేతిలోకి తీసుకుంటే, అది సేవేనా?

మా అమ్మది పర్చూరులో టైలరింగ్ బొటిక్. నేనుండేది డల్లాస్‌లో. వేసవిలో అమ్మకి ఉదయం 7 అయితే నాకు ముందురోజు రాత్రి 8:30. ఆ టైమ్‌లోనే వీడియో కాల్స్‌ చేసుకుంటూ షాపుని వాట్సాప్ బిజినెస్‌లో పెట్టాం.

నా నంబర్‌తో తెరవడం తేలికే. కానీ అప్పుడు కస్టమర్లు నాకే రాస్తారు. నేను నిద్రపోతే షాపు మూసినట్టే. అందుకే అమ్మ నంబర్‌తోనే తెరిచాం, ఓటీపీ తనే కొట్టింది. నా ల్యాప్‌టాప్‌ని Linked devices లో కలిపాం. వద్దనుకుంటే అమ్మ తన ఫోన్ నుంచే దాన్ని తీసేయొచ్చు.

తర్వాత, బ్లౌజ్ కొలతలు ఎలా తీసుకోవాలి? ఫారం పెట్టొచ్చు. అమ్మ మాత్రం, "ఛాతీ, నడుము రాసి పంపుతారు నాన్నా, చంక దగ్గర పట్టేస్తే? ఇప్పుడు సరిపోయే ఆది జాకెట్టు కొరియర్ చెయ్యమను" అంది. పక్క కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతుంది కాబట్టి, బిగువైతే వాళ్ల ఊళ్లోనే విప్పించుకోవచ్చు. మెడ లోతు ఎక్కువైతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. గుడ్డ వాళ్లది, ఒకసారి కత్తెర పడ్డాక మళ్లీ అతకదు.

యాప్ నాకు తెలుసు. కానీ ఆ గుడ్డకి మాట ఇచ్చేది అమ్మ. మాట ఇచ్చేవాళ్ల చేతిలోనే ఫోన్ ఉండాలి. నా వరకు సేవంటే ఇదే.